ఒకే భవనం, నాలుగు కార్యక్రమాలు: మన హాలు ఏది, ఏ అంతస్తులో? ఒక సీఎంఈ కేస్ స్టడీ

ఫిబ్రవరిలో ఒక ఆదివారం హైదరాబాద్‌లో ఒక స్పెషాలిటీ డాక్టర్ల సంఘం ఒకరోజు సీఎంఈ, అంటే డాక్టర్లు తమ వైద్య పరిజ్ఞానాన్ని పెంచుకునే సదస్సు, పెట్టింది. 220 మంది పేర్లు నమోదు చేసుకున్నారు. కరీంనగర్, వరంగల్, ఖమ్మం నుంచి తెల్లవారకముందే కార్లలో బయల్దేరేవాళ్లు చాలామంది. ముందురోజే వచ్చి హోటల్లో దిగిన వక్తలు కొందరు. వేదిక నగరం పశ్చిమాన ఉన్న ఒక కన్వెన్షన్ సెంటర్. దాన్ని ఆనుకునే హోటల్ కూడా ఉంది. ఏర్పాట్ల బాధ్యత మా ఈవెంట్ సంస్థది.

మాఘమాసం ముహూర్తాల రోజులు కావడంతో ఆ ఆదివారం భవనం నిండిపోయింది. కింద పెద్ద హాల్లో సాయంత్రం పెళ్లి రిసెప్షన్. పైన ఒక మందుల కంపెనీ వాళ్ల డిస్ట్రిబ్యూటర్ల మీట్. హోటల్ బ్లాక్‌లోని మీటింగ్ రూముల్లో మరో డాక్టర్ల బృందం వర్క్‌షాప్. నాలుగోది మాది. పెళ్లివాళ్లకూ మాకూ మధ్య పొరపాటు జరగదు, బట్టలు చూస్తేనే తెలిసిపోతుంది. ఇబ్బంది వర్క్‌షాప్‌తోనే. వచ్చేదీ డాక్టర్లే, మెడలో బ్యాడ్జీ అలాంటిదే, సమయం కూడా అదే ఉదయం. లిఫ్ట్ దగ్గర తెలిసిన డాక్టరుగారు కనిపిస్తే ఆయన వెనకే వెళ్లిపోవడం మనుషులకు సహజం. అందుకే హాలు, అంతస్తు ఖరారు చేసుకోవడాన్ని ఈసారి ఒక ప్రత్యేకమైన పనిగా పెట్టుకున్నాం. దాన్ని ఎలా చేశామో వివరంగా రాస్తున్నాను.

ఒక హాలుకు ఎన్ని పేర్లు

నవంబర్‌లో రాసుకున్న ఒప్పందంలో "హాల్ 2బి, లెవెల్ 2" అని ఉంది. సంఘం వేసిన బ్రోచర్‌లోకీ అదే ఎక్కింది. చాలామంది నిర్వాహకులు ఖరారు పని ఇక్కడితో అయిపోయిందనుకుంటారు. నిజానికి ఆ భవనంలో పనిచేసేవాళ్లెవరూ ఒప్పందం చూసి పనిచేయరు. వాళ్లు చూసేది బ్యాంక్వెట్ ఈవెంట్ ఆర్డర్ అనే కాగితం. అందరూ బీఈఓ అంటారు, కొన్ని హోటళ్లలో ఫంక్షన్ ప్రాస్పెక్టస్ అనో ఎఫ్‌పీ అనో అంటారు. తేదీ, సమయం, హాలు పేరు, కుర్చీలు ఎలా వేయాలి, ఎంతమందికి భోజనం, ఏ మైకులు, ఏ స్క్రీన్ అన్నీ అందులో ఉంటాయి. వంటగది, హౌస్‌కీపింగ్, ఇంజినీరింగ్, సెక్యూరిటీ అందరికీ దాని కాపీ వెళ్తుంది. ఆదివారం ఉదయం గేటు దగ్గర కాపలా మనిషి చేతిలో ఉండే ఆనాటి కార్యక్రమాల జాబితా దాని నుంచి తీసిందే. ఒప్పందంలో 2బి, బీఈఓలో 2ఏ ఉంటే, మీ కుర్చీలు పడేది 2ఏలోనే.

మూడో చోటు లాబీలోని డిజిటల్ బోర్డు. సేల్స్ వాళ్లు బుకింగ్ నమోదు చేసే సాఫ్ట్‌వేర్‌లో, బోర్డు మీద ఏ పేరు చూపించాలో రాయడానికి విడిగా ఒక గడి ఉంటుంది. దాన్ని "పోస్ట్ యాజ్" అంటారు. మనం చెప్పకపోతే సాధారణంగా అక్కడ బుక్ చేసినవాళ్ల పేరో, డబ్బు కట్టినవాళ్ల పేరో పడుతుంది. మా విషయంలో అక్కడ మా సంస్థ పేరు ఉంది. కరీంనగర్ నుంచి వచ్చిన డాక్టరుగారికి మా సంస్థ పేరుతో పనేముంది? ఆయన వెతికేది తన సంఘం పేరు, లేదా సీఎంఈ అనే మాట. బోర్డు మీద అవి రెండూ లేకపోతే హాలు నంబరు ఎంత సరిగ్గా ఉన్నా ఆయనకు ఉపయోగం లేదు.

నాలుగోది హాలు తలుపు పక్కన ఉండే చిన్న తెర. లాబీ బోర్డు, తలుపు తెర ఒకేచోట నుంచి నడుస్తాయని అనుకోకూడదు. ఈ భవనంలో తలుపు తెరను బ్యాంక్వెట్ కెప్టెన్ చేత్తో మార్చాలి. ఆ సంగతి మాకు పరిశీలనకు వెళ్లినప్పుడే తెలిసింది. ఆ రోజు ఒక తలుపు మీద అంతకుముందు రోజు జరిగిన కార్యక్రమం పేరు అలాగే ఉంది.

ఒప్పందం, బీఈఓ, లాబీ బోర్డు, తలుపు తెర. ఈ నాలుగింటిలోనూ ఒకే హాలు, మనవాళ్లు గుర్తుపట్టే ఒకే పేరు ఉంటేనే హాలు ఖరారైనట్టు మేం లెక్కవేస్తాం.

అంతస్తు చిక్కు

కన్వెన్షన్ బ్లాక్‌లో నేల అంతస్తుకూ దాని పైదానికీ మధ్య ఒక మెజనైన్ ఉంది. అందులో ఆఫీసు గదులు తప్ప హాళ్లు లేవు. అయినా ఆ బ్లాక్ లెక్కలో దానికి 1 అనే అంకె ఇచ్చేశారు. అందుకని హాల్ 2 ఉన్న అంతస్తు అక్కడి లిఫ్ట్‌లో 2. హోటల్ బ్లాక్‌లో మెజనైన్ లేదు. ఆ లిఫ్ట్‌లో 1 నొక్కి దిగి, కలిపే కారిడార్ వెంట నడిస్తే వచ్చేది సరిగ్గా హాల్ 2 ఉన్న అంతస్తే. అంటే ఒకే నేలకు ఒకవైపు 2, మరోవైపు 1.

ఇంకో చిక్కు కూడా ఉంది. హోటల్ లిఫ్ట్‌లో 2 నొక్కితే మీటింగ్ రూములు వస్తాయి. వాటిలో ఒకదాని పేరు మీటింగ్ రూమ్ 2. ఆ రోజు వర్క్‌షాప్ జరిగేది అందులోనే. బ్రోచర్‌లో "హాల్ 2బి, లెవెల్ 2" అని చదువుకుని హోటల్ గదిలోంచి బయల్దేరిన వక్త ఏం చేస్తారో ఊహించండి. 2 నొక్కుతారు, 2 అని రాసిన గది కనిపిస్తుంది, ముందు డాక్టర్లు నిలబడి ఉంటారు. ఆయన ఎక్కడా తప్పు చేయలేదు, కానీ వెళ్లింది వేరే కార్యక్రమానికి.

అమెరికా నుంచి వచ్చిన తెలుగు వక్త విషయంలో దీనికి మరో మెలిక తోడైంది. మన దగ్గర నేల మీద ఉన్నది గ్రౌండ్ ఫ్లోర్, దాని పైది ఫస్ట్ ఫ్లోర్. అమెరికాలో ఎక్కువ భవనాల్లో రోడ్డుకు సమానంగా ఉన్నదే ఫస్ట్ ఫ్లోర్. ఆయన డాలస్‌లో చాలాకాలంగా ఉంటున్నారు. ముందుగానే ఫోన్ చేసి, "ఫస్ట్ ఫ్లోర్ అంటే లాబీయేనా అండీ?" అని అడిగారు. అడిగారు కాబట్టి సరిపోయింది. అప్పటినుంచి మేం పంపే సందేశాల్లో అంతస్తు పేరు రాయడం మానేశాం. ఏ లిఫ్ట్ ఎక్కాలి, ఏ బటన్ నొక్కాలి అన్నదే రాస్తాం. బటన్ మీది అంకె ఎవరికైనా ఒకటే.

మ్యాప్ లింక్ కూడా ఇక్కడ పూర్తిగా ఆదుకోదు. పిన్ మనిషిని భవనం దాకా తెస్తుంది, ఎన్నో అంతస్తో చెప్పదు. పైగా హోటల్ పేరు కొడితే పిన్ హోటల్ వాకిలి దగ్గర పడుతుంది. కన్వెన్షన్ బ్లాక్‌కు దగ్గరైన 2వ గేటు అటుపక్క ఉంది. హోటల్ వాకిట్లో క్యాబ్ దిగినవాళ్లు హోటల్ లిఫ్టే ఎక్కుతారు. అంటే గేటు తప్పితే లిఫ్ట్ తప్పుతుంది, లిఫ్ట్ తప్పితే బటన్ తప్పుతుంది. అంతస్తు పొరపాటు చాలాసార్లు గేటు దగ్గరే మొదలవుతుంది.

గురువారం మారిన హాలు

పెద్ద హాళ్లను కదిలే గోడలతో విడదీసి అమ్మడం అన్నిచోట్లా ఉన్నదే. మాదాపూర్‌లోని హెచ్‌ఐసీసీ ప్రధాన హాలును కూడా ఆరు భాగాలుగా విడదీయవచ్చు. మేం తీసుకున్న భవనంలో హాల్ 2ను ఏ, బి, సి అని మూడుగా చేస్తారు. మొదట మాకు బి, మందుల కంపెనీ వాళ్లకు సి ఇచ్చారు, 2ఏ ఖాళీగా ఉంది.

కార్యక్రమానికి 72 గంటల ముందు ఎంతమందికి భోజనం అన్న ఖాయమైన సంఖ్య ఇవ్వాలి. దీన్నే గ్యారంటీ ప్యాక్స్ అంటారు. నమోదైనవాళ్లు 220 మంది అయినా, ఆదివారం సీఎంఈలకు కొందరు రారు కాబట్టి సంఘం కోశాధికారి గారితో మాట్లాడి 180 అని ఇచ్చాం. డబ్బు వైపు నుంచి చూస్తే అది సరైన సంఖ్యే. కానీ దానికి హాలు వైపు నుంచి ఒక ఫలితం ఉంటుంది. ఇలాంటి ఒప్పందాల్లో తరచూ ఒక షరతు కనిపిస్తుంది: సంఖ్య తగ్గితే, సరిపడే మరో హాలుకు మార్చే హక్కు వేదికకు ఉంటుంది. ఆ వారమే మందుల కంపెనీ వాళ్ల సంఖ్య పెరిగింది. బి, సి కలిపి వాళ్లకు ఇచ్చి మమ్మల్ని 2ఏకు జరిపారు. వేదిక వైపు నుంచి చూస్తే అన్యాయమేమీ లేదు. సమస్యల్లా ఆ మార్పు ముందు బీఈఓలోకి వెళ్తుంది, మన చెవిన ఎప్పుడు పడుతుందో చెప్పలేం.

అందుకే సంఖ్య ఇచ్చిన ప్రతిసారీ కొత్త బీఈఓ పంపమని అడుగుతాం. గురువారం సాయంత్రం వచ్చిన కాగితంలో రివిజన్ 3 అని ఉంది, హాలు గడిలో 2ఏ ఉంది. ఎవరూ ఫోన్ చేసి చెప్పలేదు, మెయిల్‌లోనూ ఆ మాట లేదు. మెనూలో స్వీటు మారిన సంగతి మాత్రం రాశారు.

ఇక్కడ అడిగే పద్ధతి గురించి కొంచెం చెప్పాలి. "మా హాలు కన్ఫర్మేనా అండీ?" అని అడిగితే "కన్ఫర్మ్ సర్" అనే జవాబు వస్తుంది. ఆ జవాబు అబద్ధం కాదు. బుకింగ్ ఉంది, రద్దు కాలేదు అని దాని అర్థం. ఏ హాలు అన్నది అందులో లేదు. అడగాల్సింది ఇలా: "మీ ముందున్న బీఈఓలో రివిజన్ ఎంత? హాలు గడిలో ఏం రాసి ఉందో చదువుతారా?" అవతలి మనిషి గుర్తున్నది చెప్పకూడదు, చూసి చదవాలి. ఇంకోటి, ఈ ప్రశ్న సేల్స్ మనిషిని కాకుండా బ్యాంక్వెట్ ఆపరేషన్స్ మనిషిని అడగాలి. సేల్స్‌వాళ్లకు ఒప్పందం తెలుసు. హాల్లో కుర్చీలు వేయించేది ఆపరేషన్స్‌వాళ్లు. రాబోయే కార్యక్రమాల బీఈఓల మీద అన్ని విభాగాలూ కూర్చుని మాట్లాడుకునే సమావేశం హోటళ్లలో ఉంటుంది. వారాంతం మార్పులు ఆ భవనంలో శుక్రవారం సమావేశంలో తేలతాయి. కాబట్టి ఆఖరి ప్రశ్న దాని తర్వాత అడిగితేనే ఫలితం.

2ఏ మాకు సరిపోతుందా అని చూడటానికి శుక్రవారం వెళ్లాం. పరిమాణం సరిపోయింది. తలుపు మాత్రం వేరేవైపు. బి తలుపు లిఫ్టుల ఎదురుగా ఉన్న పెద్ద వరండాలోకి తెరుచుకుంటుంది. 2ఏ తలుపు ఎడమ చివర, పక్క వరండాలో ఉంది. అంటే మావాళ్లు లిఫ్ట్ దిగగానే మొదట కనిపించేది మందుల కంపెనీ వాళ్ల రిజిస్ట్రేషన్ టేబుల్. దాన్ని దాటుకుని చివరిదాకా నడవాలి. డాక్టర్లను చూడగానే ఆ టేబుల్ దగ్గరివాళ్లు లేచి నమస్కారం పెట్టి పిలుస్తారు, వాళ్ల ఉద్యోగమే అది. డాక్టర్లు ఆగుతారు. ఆగినచోట ఓ పది నిమిషాలు పోతాయి.

మారడానికి ఒప్పుకున్నాం, కానీ రాతలో మూడు విషయాలు తీసుకుని ఒప్పుకున్నాం. లిఫ్ట్ ఎదురుగా మా స్టాండీ ఒకటి పెట్టనివ్వాలి. లాబీ బోర్డు మీద సంఘం పేరు, సీఎంఈ అన్న మాట రావాలి. ఇకమీదట హాలు మార్చాలంటే మా రాతపూర్వక అంగీకారం ఉండాలి. వేదికకు మనతో అవసరం పడేది వాళ్లు మార్పు కోరుకున్నప్పుడే, అందుకని షరతులు పెట్టడానికి అంతకంటే మంచి సమయం దొరకదు. శబ్దం సంగతి కూడా అప్పుడే చూశాం. కదిలే గోడకు పైనా కిందా ఉండే సీళ్లు సరిగ్గా బిగించకపోతే అవతలి మైకు ఇవతల వినిపిస్తుంది. గోడ వేయించి, అటువైపు స్పీకర్‌లో పాట పెట్టించి విన్నాం. ఒక మూల సీలు మళ్లీ బిగించాల్సి వచ్చింది.

కొత్త బీఈఓ, రివిజన్ 4, శుక్రవారం సాయంత్రం వచ్చింది. హాల్ 2ఏ, పోస్ట్ యాజ్ గడిలో సంఘం పేరు.

భవనం తెలియని మనిషితో పరీక్ష

దారి చెప్పే సందేశాన్ని భవనం తెలిసినవాళ్లు రాస్తే అందులో ఏదో ఒకటి తప్పిపోతుంది. తెలిసినవాళ్లకు కొన్ని మలుపులు కనిపించవు. అందుకని రాసిన సందేశాన్ని ఇంతకుముందు ఎప్పుడూ అక్కడికి రాని ఒక కుర్రాడి ఫోన్‌కు పంపి, "ఇది చూసుకుంటూ హాలుదాకా వెళ్లు, ఎవరినీ అడగకు. ఎక్కడ ఆగిపోతే అక్కడి నుంచి నాకు ఫోన్ చెయ్" అన్నాను. మూడుచోట్ల నుంచి మొదలుపెట్టించాం: క్యాబ్ దిగే చోటు, బేస్‌మెంట్ పార్కింగ్, హోటల్ గదుల అంతస్తు.

క్యాబ్ దారిలో ఆగలేదు. పార్కింగ్ దారిలో ఆగాడు. "అన్నా, ఈ లిఫ్ట్‌లో 2 బటనే లేదు. జి వరకే ఉంది." పార్కింగ్ లిఫ్ట్ నేల అంతస్తు వరకే వస్తుంది. అక్కడ దిగి, సెక్యూరిటీ తనిఖీ దాటి వేరే లిఫ్ట్ ఎక్కాలి. ఇలాంటి ఏర్పాటు చాలా కన్వెన్షన్ సెంటర్లలో ఉంటుంది, నేరుగా పార్కింగ్ నుంచి హాళ్లకు ఎవరూ వెళ్లకుండా. మా మొదటి సందేశంలో ఆ మాట లేదు. కారులో వచ్చేవాళ్లలో ఎక్కువమంది వెళ్లేది ఆ దారినే.

హోటల్ దారిలో కూడా ఒక సందేహం వచ్చింది. 1లో దిగాక కుడివైపు రెస్టారెంట్, ఎడమవైపు కారిడార్. కారిడార్ మొదట్లో ఒక గాజు తలుపు మూసి ఉంది, తీయొచ్చో లేదో తెలియక నిలబడిపోయాడు. ఆదివారం ఉదయం 7 నుంచి ఆ తలుపు తెరిచి ఉంచమని డ్యూటీ మేనేజర్‌ను అడిగాం. అది కూడా మెయిల్‌లోనే అడిగాం, ఎందుకంటే శుక్రవారం డ్యూటీలో ఉన్నాయన ఆదివారం ఉండకపోవచ్చు.

సరిదిద్దాక సందేశం ఇలా వచ్చింది:

"ఆదివారం సీఎంఈ జరిగేది కన్వెన్షన్ బ్లాక్, హాల్ 2ఏలో. బ్రోచర్‌లో 2బి అని ఉంది, దయచేసి దాన్ని చూడకండి. క్యాబ్‌లో వచ్చేవారు కింది లింక్ తెరిచి 2వ గేటు దగ్గర దిగండి. కారు పార్క్ చేసేవారు పార్కింగ్ లిఫ్ట్‌లో జి దాకా రండి. సెక్యూరిటీ దాటాక ఎదురుగా ఉన్న లిఫ్ట్ ఎక్కి 2 నొక్కండి. దిగి ఎడమవైపు చివరిదాకా రండి. దారిలో కనిపించే మొదటి రిజిస్ట్రేషన్ టేబుల్ వేరే కార్యక్రమానిది."

హోటల్లో ఉన్న వక్తలకు ఇది పంపలేదు. వాళ్లకు వేరుగా రెండే వాక్యాలు: హోటల్ లిఫ్ట్‌లో 1 నొక్కండి, ఎడమవైపు గాజు తలుపు దాటి కారిడార్ చివరిదాకా రండి. అందరికీ అన్ని దారులూ ఒకే సందేశంలో పెడితే, హోటల్లో ఉన్నాయన "లిఫ్ట్‌లో 2" అన్నదే పట్టుకుంటారు.

ఎప్పుడు పంపాలన్నది కూడా ఆలోచించాల్సిన విషయమే. మరీ ముందు పంపితే హాలు మళ్లీ మారే అవకాశం ఉంది. అప్పుడు రెండు సందేశాలు గ్రూపుల్లో తిరుగుతాయి. ఒకసారి వాట్సాప్‌లోకి వెళ్లిన పాత బ్రోచర్‌ను వెనక్కి తీసుకోలేం. ఎవరో ఒకరు ఆదివారం ఉదయం ఆరింటికి "గుడ్ మార్నింగ్" అంటూ దాన్నే మళ్లీ పంపుతారు. కాబట్టి రివిజన్ 4 చేతికి వచ్చాక, శనివారం మధ్యాహ్నం ఒకసారి, ఆదివారం ఉదయం 6.30కి ఇంకోసారి అదే సందేశాన్ని ఒక్క అక్షరం మార్చకుండా పంపాం. రెండోసారి మాటలు మారిస్తే హాలు మళ్లీ మారిందేమోనని జనానికి టెన్షన్ పట్టుకుంటుంది. ఆ తర్వాతి సీఎంఈ నుంచి బ్రోచర్‌లో భవనం పేరు మాత్రమే వేసి, "హాలు వివరాలు ముందురోజు పంపుతాం" అని రాయమని సంఘంవాళ్లకు చెప్పాం.

విడిగా ఫోన్ చేయాల్సినవాళ్లు కొందరుంటారు. మొదటి సెషన్ చైర్‌పర్సన్, మొదటి వక్త, రాష్ట్ర మెడికల్ కౌన్సిల్ పరిశీలకులు. సీఎంఈకి హాజరైనందుకు డాక్టర్ల లెక్కలో పడే క్రెడిట్ అవర్స్ కోసం కౌన్సిల్‌కు పెట్టుకున్న దరఖాస్తులో వేదిక పేరు రాసి ఉంటుంది, పాత హాలు నంబరు అందులోనే ఉండిపోయింది. భవనం మారకపోయినా హాలు మారిన సంగతిని కౌన్సిల్‌కు మెయిల్‌లో తెలియజేసి, పరిశీలకులకు ఫోన్ చేశాం. ఆయన దగ్గర ఉన్న కాగితం మేం పంపిన సందేశం కాదు, దరఖాస్తు కాపీ.

శనివారం రాత్రి, ఆదివారం ఉదయం

కాగితాల్లో ఏమున్నా, చివరి ఆధారం హాల్లో పడిన కుర్చీలే. శనివారం రాత్రి పదింటికి మావాళ్లు 2ఏ తలుపు తీసి చూశారు. క్లాస్‌రూమ్ పద్ధతిలో బల్లలు వేస్తున్నారు, వేదిక మీద పోడియం ఉంది, తెర మేం అడిగిన వైపే ఉంది. అది మా అమరికే. పక్కన బి, సి మధ్య గోడ తీసేసి ఉంది. అంటే బీఈఓ నిజంగానే అమలవుతోంది. ఆ సమయానికి కుర్చీలు పడటం మొదలుకాకపోయినా, వేరే రకం అమరిక కనిపించినా, డ్యూటీ మేనేజర్‌తో మాట్లాడటానికి ఇంకా రాత్రంతా ఉంటుంది. ఉదయం ఏడింటికి తెలిస్తే ఎవరూ ఏమీ చేయలేరు.

ఆదివారం 6.45కు లాబీ బోర్డులో సంఘం పేరు, హాల్ 2ఏ సరిగ్గా వచ్చాయి. తలుపు తెర మీద మాత్రం ఇంకా శనివారం కార్యక్రమమే ఉంది. కెప్టెన్ వచ్చి మార్చాడు. మార్చేదాకా తలుపుకు మేం తెచ్చుకున్న అచ్చు కాగితం అంటించాం. లిఫ్ట్ ఎదురుగా స్టాండీ పెట్టాం, దాని పక్కన ఒక మనిషిని కూడా నిలబెట్టాం. స్టాండీని అందరూ చదవరు. "డాక్టర్ గారూ, సీఎంఈ ఇటండీ, చివరిదాకా" అనే గొంతు వింటే మాత్రం తిరుగుతారు. అలాంటి మనిషే ఇంకొకరు హోటల్ బ్లాక్‌లో లిఫ్ట్ ఆగే 1 దగ్గర నిలబడ్డారు.

మొదటి అరగంటలో రిజిస్ట్రేషన్ టేబుల్ దగ్గర ప్రతి ఒక్కరినీ "ఎటునుంచి వచ్చారండీ?" అని అడిగించాం. మర్యాద మాటలాగే వినిపిస్తుంది, కానీ ఏ దారిలో జనం తడబడుతున్నారో దీంతో తెలుస్తుంది. పార్కింగ్ నుంచి వచ్చినవాళ్లు సాఫీగా వస్తున్నారు. హోటల్ వాకిట్లో దిగిన క్యాబ్‌లవాళ్లే ఆలస్యంగా వస్తున్నారు, కొందరు 2 నొక్కి వర్క్‌షాప్ దగ్గరికి వెళ్లొచ్చారు. వెంటనే ఒక కుర్రాడిని హోటల్ వాకిట్లోకి పంపించాం. ఆ తర్వాత అలా తిరిగి వచ్చినవాళ్లు దాదాపు లేరు.

వర్క్‌షాప్ వైపు వెళ్లినవాళ్లు తొందరగానే తిరిగి రావడానికి మరో కారణం ఉంది. శనివారమే వర్క్‌షాప్ నిర్వాహకురాలిని కలిసి ఫోన్ నంబర్లు ఇచ్చిపుచ్చుకున్నాం. "మీవాళ్లు ఇక్కడికొస్తే పంపిస్తాను, మావాళ్లొస్తే మీరు పంపండి" అని ఆవిడే అన్నారు. మా హాలు పేరు, బటన్ రాసిన చిన్న కాగితం వాళ్ల టేబుల్ మీద, వాళ్లది మా టేబుల్ మీద పెట్టుకున్నాం. ఒకే భవనాన్ని పంచుకునే రోజున పక్క కార్యక్రమం వాళ్లతో ఈ ఏర్పాటు తప్పక చేసుకోవాలని నా గట్టి అభిప్రాయం. మన హాలు ఎక్కడుందో హోటల్ రిసెప్షన్ కంటే వాళ్ల టేబులే బాగా చెప్పగలదు, ఎందుకంటే దారి తప్పినవాళ్లు వెళ్లేది అక్కడికే.

వాలంటీర్ల బ్యాడ్జీ వెనక ఇంకో రెండు వరుసలు అచ్చు వేయించాం. ఎవరికైనా ఒంట్లో బాగోక 108కి ఫోన్ చేయాల్సి వస్తే చెప్పాల్సిన మాటలు అవి: 2వ గేటు, కన్వెన్షన్ బ్లాక్, హాల్ 2ఏ, స్ట్రెచర్‌కు హాలు వెనకున్న సర్వీస్ లిఫ్ట్. మామూలు లిఫ్ట్‌లో స్ట్రెచర్ పట్టదని శుక్రవారమే కొలిచి చూసుకున్నాం. డాక్టర్ల సమావేశమే అయినా, అంబులెన్స్‌కు దారి చెప్పేది టేబుల్ దగ్గర కూర్చున్న కాలేజీ పిల్లలు. కంగారులో వాళ్లకు భవనం పేరు తప్ప ఇంకేమీ నోటికి రాదు. ఆ రోజు అవసరం పడలేదు.

మొదటి సెషన్ 9.30కు మొదలైంది. చైర్‌పర్సన్, వక్త, పరిశీలకులు ముగ్గురూ అప్పటికే హాల్లో ఉన్నారు.

ఒక్క విషయం మా చేతుల్లో లేకుండా పోయింది. సాయంత్రం పెళ్లివాళ్ల అలంకరణ సామాను పైకీ కిందకీ తిప్పడానికి నాలుగున్నర నుంచి కన్వెన్షన్ బ్లాక్ లిఫ్టుల్లో ఒకదాన్ని వాళ్లకు కేటాయించారు. నేల అంతస్తులో లిఫ్టుల ముందు చోటంతా పూల దండలు, ఇనుప ఫ్రేములతో నిండిపోయింది. మధ్యాహ్నం మూడింటికి బ్యాంక్వెట్ కెప్టెన్ వచ్చి ఈ సంగతి చెప్పాడు. ఆఖరి సెషన్ మధ్యలో వేదిక మీద నుంచే ప్రకటించాం: బయటికి వెళ్లేటప్పుడు కారిడార్ వెంట హోటల్ బ్లాక్‌కు వెళ్లి, లిఫ్ట్‌లో జి నొక్కండి, అక్కడి నుంచి కార్ల వైపు దారి మా మనుషులు చూపిస్తారు. అదే మాట టీ టేబుల్ దగ్గరా, సర్టిఫికెట్లు ఇచ్చే టేబుల్ దగ్గరా పెద్ద అక్షరాలతో రాసి పెట్టాం. ఖమ్మం వెళ్లాల్సినవాళ్లు చీకటి పడకముందే రోడ్డెక్కారు.

ఇప్పుడు మేం వేదికలకు పంపే మొదటి మెయిల్‌లోనే కొన్ని ప్రశ్నలు ఉంటాయి. ఆ రోజు ఇంకేం కార్యక్రమాలున్నాయి, అవి ఎప్పుడు సర్దడం మొదలుపెడతారు, ఏ లిఫ్టులు ఎవరికి, పార్కింగ్ లిఫ్ట్ ఎంతవరకు వస్తుంది, తలుపు తెర ఎవరు మారుస్తారు. వాటి జవాబులు వచ్చాకే సంఘంవాళ్లతో అడ్వాన్స్ కట్టిస్తున్నాం.